అబ్‌స్ట్రాక్ట్‌లో అంకె ఒక్కటే చాలదు

మెషీన్ లెర్నింగ్ పేపర్‌కైనా థీసిస్‌కైనా ముందుండే చిన్న పేరానే అబ్‌స్ట్రాక్ట్. చాలామంది అదొక్కటే చదివి, మిగతాది చదవాలో వద్దో తేల్చుకుంటారు. అయినా నేను దిద్దే అబ్‌స్ట్రాక్టుల్లో చాలావాటికి ‘నేటి ఆధునిక యుగంలో’ అంటూనే సగం చోటు అయిపోతుంది.

2017లో గూగుల్ పరిశోధకులు ట్రాన్స్‌ఫార్మర్‌ను ప్రకటించిన పేపర్ ‘అటెన్షన్ ఈజ్ ఆల్ యూ నీడ్’. దాని అబ్‌స్ట్రాక్ట్ రెండు వందల మాటలు కూడా లేదు. అప్పటిదాకా ఎలాంటి నెట్‌వర్కులు వాడుతున్నారో ముందు చెప్పేసి, వాటిని పక్కనపెట్టి అటెన్షన్ ఒక్కదానితోనే మోడల్ కట్టామని వెంటనే విషయంలోకి దిగుతుంది. ఇంగ్లిష్ నుంచి జర్మన్‌కు చేసిన అనువాదానికి 28.4 బ్లూ స్కోరు వచ్చిందంటుంది. ఆ అంకె ఒక్కటే ఉంటే మనకేం అర్థమవుతుంది? అందుకే అది ఏ పరీక్షలో వచ్చిందో (డబ్ల్యూఎంటీ 2014), అంతకుముందటి మేటి ఫలితం కన్నా 2కు పైగా ఎక్కువని కూడా చెప్పారు. ఫ్రెంచి మోడల్ శిక్షణకు ఎనిమిది జీపీయూల మీద మూడున్నర రోజులు పట్టిందని ఖర్చు లెక్కా ఇచ్చారు.

ఈ పోలిక లేకపోతే ఏమవుతుందో ఒక ఊహా థీసిస్‌తో చూద్దాం. మిర్చి ఆకు ఫోటో చూసి తెగులును గుర్తించే మోడల్ అది. ‘94.5 శాతం కచ్చితత్వం సాధించాం’ అని అబ్‌స్ట్రాక్ట్‌లో రాశారు. పరీక్షకు పెట్టిన 1,000 ఫోటోల్లో 900 ఆరోగ్యంగా ఉన్న ఆకులవే. అంటే ఏ ఫోటో చూపించినా ‘బాగుంది’ అనేసే మోడల్‌కు కూడా 90 శాతం వస్తుంది. అదే ఫలితాన్ని ఇలా రాయొచ్చు: ‘తెగులు సోకిన 100 ఆకుల్లో మా మోడల్ 72 పట్టుకుంది, పాత మోడల్ 58 పట్టుకుంది. ఆరోగ్యంగా ఉన్న 900 ఆకుల్లో మాది 28 తక్కువ ఒకటి, అంటే 27 ఆకులను తెగులని పొరబడింది.’ మొత్తం కచ్చితత్వం మారలేదు, కానీ రైతుకు ఎంతవరకు పనికొస్తుందో ఇప్పుడు తెలుస్తోంది.

పరీక్ష ఫోటోలు ఎక్కడివన్నది కూడా అంతే ముఖ్యం. ఒకే మొక్క ఫోటోలు కొన్ని శిక్షణలోకి, కొన్ని పరీక్షలోకి వెళ్తే, మోడల్ తెగులుకు బదులు ఆ మొక్కనే గుర్తుపట్టి మార్కులు కొట్టేయొచ్చు. ‘శిక్షణలో లేని పొలాల ఫోటోల మీద పరీక్షించాం’ అన్న చిన్న వాక్యం చదివేవారి అనుమానం తీరుస్తుంది. ఫోటోలన్నీ ఒకే జిల్లావైతే, ఒకే రకం ఫోన్‌తో తీసినవైతే అదీ దాచకూడదు.

నా లెక్కలో సమస్యకు నలభై మాటలు, పద్ధతికి యాభై చాలు. ఫలితాలకు, పోలికకు ఎనభై దాకా ఇచ్చి, మిగిలినవి పరిమితులకు ఉంచుకోవాలి. లేయర్ల వివరాలు లోపలి అధ్యాయాల్లోకి పోవాలి. థీసిస్ అంతా పూర్తయ్యాకే అబ్‌స్ట్రాక్ట్ రాసి, అందులోని ప్రతి అంకెనూ ఫలితాల పట్టికతో సరిచూడాలి. చివరి వారంలో ప్రయోగం మళ్లీ నడిపినప్పుడు పట్టిక మారి, అబ్‌స్ట్రాక్ట్‌లో పాత అంకె ఉండిపోతే పరీక్షకుడి తొలి ప్రశ్న దానిమీదే.