పేరు చెప్పడానికే తడబడిన వోజ్

హ్యూలెట్ ప్యాకార్డ్‌లో పనిచేసే అలెన్ బామ్ 1975 వసంతకాలంలో తన స్నేహితుడు స్టీవ్ వోజ్నియాక్‌కు ఒక కబురు చెప్పాడు. టీవీ టెర్మినళ్లు, అలాంటి పరికరాలు సొంతంగా తయారుచేసుకునేవాళ్లంతా ఒకచోట కలుస్తున్నారట, నువ్వూ వెళ్లాలి అన్నాడు. టెర్మినల్ అంటే కీబోర్డు మీద కొట్టిన అక్షరాలను తెరమీద చూపించి, ఫోన్ లైను ద్వారా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌తో మాట్లాడే పెట్టె. వోజ్నియాక్ అప్పటికే ఇంట్లో ఒకటి తయారుచేసుకున్నాడు కాబట్టి సరేనన్నాడు. అక్కడ జరగబోయేది కొత్తగా వచ్చిన మైక్రోప్రాసెసర్ల గురించిన ముచ్చట అని ముందే తెలిస్తే వెళ్లేవాణ్ణే కాదని అతను తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

మార్చి 5 రాత్రి, కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, గోర్డన్ ఫ్రెంచ్ అనే ఇంజనీరు ఇంటి గ్యారేజీలో ఆ సమావేశం జరిగింది. ఫ్రెంచ్‌తో కలిసి దాన్ని ఏర్పాటు చేసినవాడు ఫ్రెడ్ మూర్. బయట వాన. లోపల ముప్పై మందికి పైగా మనుషులు, మధ్యలో ఆల్టేర్ 8800. ఆ జనవరిలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా వచ్చిన కంప్యూటర్ అది. దానికి కీబోర్డు లేదు, తెర లేదు. ముందు పలక మీద స్విచ్చులు, చిన్న ఎర్ర లైట్లు ఉంటాయి. స్విచ్చులు పైకీ కిందికీ వేస్తూ ఒక్కో సంఖ్యనీ లోపలికి పంపాలి, జవాబు లైట్లలో చదువుకోవాలి. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. కానీ నాలుగు వందల డాలర్ల లోపు కిట్టుతో సొంత కంప్యూటర్ అనేది ఆ గదిలో ఉన్నవాళ్లకు పూనకం తెప్పించే మాట.

వోజ్నియాక్ వయసు అప్పటికి 24. హెచ్‌పీలో జేబు కాలిక్యులేటర్లు డిజైన్ చేస్తున్నాడు. హైస్కూలు రోజుల్లో మినీకంప్యూటర్ల మాన్యువళ్లు సంపాదించి, అవే కంప్యూటర్లను తక్కువ చిప్పులతో ఎలా కట్టవచ్చో కాగితం మీద గీసుకునేవాడు. 1971లో బిల్ ఫెర్నాండెజ్ అనే స్నేహితుడితో కలిసి ఒక చిన్న కంప్యూటర్ నిజంగానే కట్టాడు కూడా. తర్వాత కాలిక్యులేటర్లలో మునిగిపోయి, ఇంటెల్ 8008, 8080 లాంటి చిప్పుల కబురే పట్టించుకోలేదు. గ్యారేజీలో వినిపించే మాటల్లో సగం అతనికి కొత్త. తాను చోటు తప్పి వచ్చానేమో అనిపించింది.

ఇంతలో అందరూ వరసగా తమను పరిచయం చేసుకోవాలన్నారు. అతని వంతు వచ్చింది. పేరు చెప్పాడు, హెచ్‌పీలో కాలిక్యులేటర్ల మీద పనిచేస్తానన్నాడు, ఒక వీడియో టెర్మినల్ డిజైన్ చేశానన్నాడు. నలుగురిలో మాట్లాడాలంటే గుండె దడ. ఇంకేమైనా అన్నాడో లేదో, భయంలో ఒక్క ముక్కా గుర్తు లేదని తర్వాత రాసుకున్నాడు.

అయితే అదే క్లబ్బు న్యూస్‌లెటర్ తొలి సంచికల్లో ఒకదాంట్లో సభ్యుల వివరాలు అచ్చయ్యాయి. నోరు పెగలని ఈ కుర్రాడి పేరు పక్కన పెద్ద జాబితాయే ఉంది: సొంత డిజైన్ టీవీ టెర్మినల్, పాంగ్ ఆటకు తనదైన రూపం, 17 చిప్పులతో చదరంగం బల్లను టీవీలో చూపించే పరికరం. నైపుణ్యాల దగ్గర డిజిటల్ డిజైన్, ఇంటర్‌ఫేసింగ్ అని ఉంది. చివర్లో తీరిక తక్కువనీ, స్కీమాటిక్స్ మాత్రం ఉన్నాయనీ ఉంది. స్కీమాటిక్స్ అంటే ఏ చిప్పు కాలు ఏ చిప్పు కాలికి కలపాలో చూపే వైరింగు బొమ్మలు. బొమ్మలున్నాయి, అడిగితే ఇస్తాను అని దాని అర్థం. మాటలు రానివాడికి ఇంతకన్నా మంచి పరిచయపత్రం ఏముంటుంది?

ఆ రాత్రి వోజ్నియాక్ ఇంటికి తీసుకెళ్లింది ఒక డేటాషీటు. ఒక కెనడా కంపెనీ ఇంటెల్ 8008ను అనుసరించి తయారుచేసిన చిప్పుకు సంబంధించిన సాంకేతిక పత్రం అది. ఆ చిప్పుకు ఏయే ఆజ్ఞలు తెలుసో అందులో రాసి ఉంటుంది. మెమరీలోని ఒక సంఖ్యను తెచ్చి, రిజిస్టర్ అనే లోపలి అరలో ఉన్న సంఖ్యకు కలపమని చెప్పే ఆజ్ఞ అతని కంటపడింది. హైస్కూలులో కాగితం మీద గీసిన మినీకంప్యూటర్లలోనూ సరిగ్గా ఇలాంటి ఆజ్ఞలే ఉండేవి. గదినిండా వినబడ్డ మైక్రోప్రాసెసర్ అనే కొత్త మాటకు అర్థం అప్పుడు తెలిసింది: తాను చిప్పుల మీద చిప్పులు పేర్చి కట్టాలనుకున్న ప్రాసెసరే ఇప్పుడు ఒక్క చిప్పులో ఇమిడిపోయింది. ఇంట్లో టెర్మినల్ ఎలాగూ ఉంది. దాన్ని ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కు కలిపే బదులు ఈ చిప్పునూ కొంత మెమరీనీ అందులోనే పెడితే, కీబోర్డూ తెరా ఉన్న పూర్తి కంప్యూటర్ అవుతుంది. ఆపిల్ 1 ఊహ అదే.

అడ్డు వచ్చింది డబ్బు. ఇంటెల్ 8080 ఒక్కటి కొనాలంటే మూడు వందల డాలర్ల పైమాటే. దానికన్నా చవగ్గా దొరికే అవకాశమున్న మోటరోలా 6800ను దృష్టిలో పెట్టుకుని డిజైన్ మొదలుపెట్టాడు. ఆ ఏడాది సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన వెస్కాన్ ప్రదర్శన సమయంలో, ఎంఓఎస్ టెక్నాలజీ అనే సంస్థ 6502 అనే చిప్పును 25 డాలర్లకే నేరుగా జనానికి అమ్మింది. 6800 కోసం గీసిన బొమ్మలో కొద్ది మార్పులు చేస్తే ఇది సరిపోతుంది. దాంతో దారి తేలింది.

క్లబ్బు సమావేశాలు తర్వాత స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ కేంద్రం ఆడిటోరియానికి మారాయి. లీ ఫెల్సెన్‌స్టీన్ నడిపించేవాడు. మొదట ఎవరి దగ్గర ఏముందో, ఎవరికి ఏం కావాలో సభలో చెప్పుకునేవారు. తర్వాత ఎవరికి కావలసినవాళ్లను వాళ్లు వెతుక్కునేవారు. నలుగురి మధ్య లేచి మాట్లాడటం వోజ్నియాక్ వల్ల అయ్యేది కాదు. రెండో భాగం మాత్రం అతని కోసమే పెట్టినట్టు ఉండేది. తాను కట్టిన బోర్డును ఒక టేబుల్ మీద పెట్టి కూర్చునేవాడు. చూసినవాళ్లు దగ్గరికొచ్చి అడిగేవారు. ఫలానా చిప్పు ఎందుకు, తెర మీదికి అక్షరం ఎలా వస్తుంది అని అడిగితే గుక్కతిప్పుకోకుండా చెప్పేవాడు. స్కీమాటిక్ నకళ్లు ఉచితంగా పంచేవాడు. కొందరి ఇళ్లకు వెళ్లి కట్టడంలో సాయం కూడా చేశాడు.

ఇక్కడ స్టీవ్ జాబ్స్ ప్రస్తావన వస్తుందని పాఠకులకు తెలుసు. బొమ్మలు పట్టుకెళ్లినా చాలామందికి కట్టుకునే తీరిక లేదని జాబ్స్ గమనించాడు. సర్క్యూట్ బోర్డు అచ్చువేయించి అమ్ముదామన్నాడు. ఆ కథ అందరికీ తెలిసిందే, పైగా జాబ్స్ వోజ్నియాక్‌కు క్లబ్బులో పరిచయమైనవాడు కాడు, పాత స్నేహితుడు. ఈ కథలో ఎవరూ అంతగా తలవని సహచరుడు అలెన్ బామ్. క్లబ్బు కబురు చెప్పింది అతనే. అంతకు రెండేళ్ల ముందు వోజ్నియాక్ హెచ్‌పీ ఉద్యోగంలో చేరడానికి దారి చూపిందీ అతనే. హైస్కూలు నాటి స్నేహం వాళ్లది. గ్యారేజీ సమావేశం తర్వాత ఆ స్నేహం పనిలోకి మళ్లింది.

వాళ్లిద్దరూ కలిసి రాసిన ప్రోగ్రాం ఎందుకు అవసరమైందో చూద్దాం. అసెంబ్లర్ అనే సాధనం ఉంటే మనిషి చదవగలిగే ఆజ్ఞలను అది చిప్పుకు అర్థమయ్యే సంఖ్యలుగా మారుస్తుంది. వోజ్నియాక్‌కు అది అందుబాటులో లేదు. ఆజ్ఞలు కాగితం మీద రాసుకుని, పక్కన సంఖ్యలు చేత్తో వేసుకుని, వాటిని యంత్రంలోకి కొట్టేవాడు. బేసిక్ భాషను కూడా ఇలాగే రాశాడు. రాయడం ఒక ఎత్తు. తప్పు దొర్లినప్పుడు మెమరీలోని ఆ సంఖ్యల గుంపును తిరిగి చదివి, ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోవడం మరో ఎత్తు. సంఖ్యలను మళ్లీ ఆజ్ఞలుగా చూపించేదే డిస్‌అసెంబ్లర్. ఒక చిన్న ముక్క చూడండి:

```
A9 05      LDA #$05
8D 00 02   STA $0200
60         RTS
```

ఎడమవైపు ఉన్నవి మెమరీలోని సంఖ్యలు, కుడివైపు వాటి అర్థం. 5ను రిజిస్టర్‌లో పెట్టు, దాన్ని 0200 అనే చిరునామాలో దాచు, వచ్చిన చోటికి తిరిగి వెళ్లు. ఇందులో చిక్కేమిటంటే ఒక ఆజ్ఞ ఒక బైటు ఉంటుంది, ఇంకొకటి రెండు, మరొకటి మూడు. ఎక్కడ ఒకటి ముగిసి మరొకటి మొదలవుతుందో చూపే గీతలు మెమరీలో ఉండవు. ఒక్క బైటు ఆలస్యంగా, అంటే `05` దగ్గర చదవడం మొదలుపెడితే అవే సంఖ్యలు ఇలా కనిపిస్తాయి:

```
05 8D      ORA $8D
00         BRK
02         ???
60         RTS
```

అర్థంలేని ఆజ్ఞలు, మధ్యలో ప్రశ్నార్థకాలు. 6502కు తెలియని సంఖ్య తగిలితే ఆ ప్రోగ్రాం ఇలా మూడు ప్రశ్నార్థకాలు చూపిస్తుంది. వరసగా అవే కనబడితే చదవడం తప్పు చోట మొదలైందని, లేదా అక్కడ ఉన్నది ప్రోగ్రాం కాదు, ఉత్త డేటా అని అనుమానించాలి.

మెమరీ చాలా ఖరీదైన రోజులవి. ప్రతి ఆజ్ఞ పేరుకూ మూడు అక్షరాలు. మామూలుగా దాస్తే మూడు బైట్లు పడతాయి. ఇంగ్లిషు అక్షరాలు 26 కాబట్టి ఒక్కోదానికి అయిదు బిట్లు చాలు. మూడు అక్షరాలకు పదిహేను బిట్లు, అంటే రెండు బైట్లలో ఇమిడిపోతాయి. ఆ పొదుపే చేశారు. ఈ ప్రోగ్రాం 1976 సెప్టెంబరు డాక్టర్ డాబ్స్ జర్నల్‌లో వోజ్నియాక్, బామ్ పేర్లతో అచ్చయింది. కావలసినవాళ్లు టైపు చేసుకుని వాడుకోవచ్చు.

ఆ ఏడాదే బైట్ షాప్ అనే దుకాణం నుంచి యాభై బోర్డుల ఆర్డరు వచ్చింది. వాటికి విడిభాగాలు కొనడానికి డబ్బు చాలనప్పుడు బామ్, అతని తండ్రి ఎల్మర్ అయిదు వేల డాలర్లు అప్పిచ్చారు. 1977లో వచ్చిన ఆపిల్ 2లో ఆ డిస్‌అసెంబ్లర్‌ను చెరగని రోమ్ చిప్పులోనే పెట్టారు. కీబోర్డు మీద ఒక చిరునామా, దాని పక్కన `L` కొడితే ఇరవై ఆజ్ఞలు తెరమీద వరసగా దిగుతాయి. యంత్రం కొన్నవాళ్లకు దాని లోపలి ప్రోగ్రాం ఎలా ఉందో చూపించే పుస్తకాన్నీ కంపెనీ ఇచ్చింది. అందులో మానిటర్ ప్రోగ్రాం లిస్టింగు పైభాగంలో `S. WOZNIAK` అనీ, దాని వెంట `A. BAUM` అనీ రెండు పేర్లు అచ్చయి ఉన్నాయి.