ఒకే పోగులో 40 కాంతులు

ఆప్టికల్ ఫైబర్‌లో సమాచారం కంటికి కనిపించని పరారుణ కాంతిగా ప్రయాణిస్తుంది. ఫైబర్ మోయగలిగిన దానిలో ఒక లేజర్ వాడుకునేది చిన్న ముక్కే. అందుకే 1550 నానోమీటర్ల పరిసరాల్లో, సుమారు 0.8 నానోమీటర్ల ఎడంతో 40 లేజర్ల కాంతిని మల్టీప్లెక్సర్ ఒకే పోగులోకి కలుపుతుంది. అవతలి చివర డీమల్టీప్లెక్సర్ విడదీస్తుంది. ఒక్కోటి సెకనుకు 10 గిగాబిట్లు పంపితే మొత్తం 400 గిగాబిట్లు. దీనికి రోడ్డు తవ్వనక్కర్లేదు. దారిలో, దాదాపు 80 కిలోమీటర్లకొకటి చొప్పున, ఎర్బియం కలిపిన ఫైబర్ యాంప్లిఫయర్ అన్ని కాంతులనూ ఒకేసారి బలపరుస్తుంది. అసలు ఆదా అక్కడే.

చిక్కల్లా వేడితోనే. లేజర్ ఒక డిగ్రీ వేడెక్కితే తరంగదైర్ఘ్యం సుమారు 0.1 నానోమీటరు జరుగుతుంది. అలా ఏడెనిమిది డిగ్రీలు పెరిగితే పక్క ఛానల్‌లోకి చొరబడి, రెండింటిలోనూ తప్పులు పెరుగుతాయి. స్పెక్ట్రమ్ అనలైజర్‌లో ఆ శిఖరం పక్కకు ఒరిగి కనిపిస్తుంది. దీన్ని ఆపడానికే ప్రతి లేజర్ పక్కనా చిన్న విద్యుత్ శీతలకం ఉంటుంది.