బారసాల భోజనానికి ఇంగ్లీషు కొటేషను

గోదావరి జిల్లాల్లో బిడ్డ పుట్టిన 21వ రోజున బారసాల చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. పూర్వం వంటాయన వీధి అరుగు మీద కూర్చుని నోటిమాటగా చెప్పిన లెక్క సరిపోయేది. ఇప్పుడు బిడ్డ బాబాయి డల్లాసులో ఉంటాడు. భోజనాల ఖర్చు తనదంటాడు. ఆయన భార్య అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు చదవలేదు. అందుకని కేటరింగ్ వారిచ్చిన కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపవలసి వస్తోంది. ఇంట్లో బి.ఎ. చదివిన అమ్మాయికి ఈ పని అప్పగిస్తారు. చూడటానికి అరపేజీ పనే. కూర్చుంటే గాని అందులోని చిక్కులు తెలియవు.

రాజమండ్రిలో ఒక ఇంట నూటయాభైమందికి వంట అనుకుందాం. కాగితం మీద "ఆకు 350 రూపాయలు, 150 ఆకులు, 3 బంతులు, మారు ఉంది" అని నాలుగే ముక్కలుంటాయి. ఈ నాలుగూ నిఘంటువు చూసి రాస్తే పెళ్లివారు నవ్వుకోవడానికి పనికివస్తుంది. బంతి ఆడుకునేది కాదు గదా! ఒకసారి కూర్చునే వరుస. మారు అంటే మార్పు కాదు, మళ్లీ వడ్డించడం. బూరెలు మాత్రం మనిషికి రెండేనని, మిగతావి అడిగినంత అని విప్పి రాయకపోతే రెండో బంతిలో మాట పడుతుంది.

ఆకు దగ్గరే అసలు డబ్బు ఉంది. ఆకు అంటే అరటాకు ఖరీదు కాదు, ఒక మనిషి భోజనం. నూటయాభై ఆకులకు ఒప్పుకుంటే 52,500 రూపాయలు. నూటముప్పైమందే వచ్చినా అంతే ఇవ్వాలి. నూటఅరవైరెండు మంది వస్తే మరి పన్నెండు ఆకులకు 4,200 రూపాయలు కలుస్తాయి. ఈ సంగతి ఇంగ్లీషులో స్పష్టంగా లేకపోతే, డల్లాసు బాబాయికి చివర వచ్చిన బిల్లు మోసంలా కనబడుతుంది. అయిదేళ్ల లోపు పిల్లలకు సగం ఆకా, పూర్తి ఆకా అనేది కూడా ముందే అడిగి రాయాలి. లెక్క తేలే పద్ధతి ఒకటుంది: వచ్చిన ఆకులు ముందు లెక్కపెట్టి, మిగిలినవీ చిరిగినవీ తీసివేయడం. ఇంటి మనిషి ఒకరు ఆ కట్టల దగ్గర ఉండాలి.

మూడు బంతులంటే బంతికి యాభైమంది. తిని లేవడానికీ, ఆకులెత్తి తుడవడానికీ కలిపి ముప్పావుగంటకు పైమాటే. పన్నెండింటికి మొదలుపెడితే మూడో బంతి ఒకటిన్నర దాటాకనే కూర్చుంటుంది. విమానం దిగి నిద్రలేని పిల్లలతో వచ్చినవారికి ఈ వేళలు రాసి, మొదటి బంతిలోనే చోటు ఉంచడం మంచిది.

ఇక వంటకాలు. కంద బచ్చలి కూరలో కందను 'యామ్' అని వదిలేస్తే అమెరికాలో చాలామంది చిలగడదుంప అనుకుంటారు. అక్కడి దుకాణాల్లో దానికి ఆ పేరుంది. పనసపొట్టు కూరలో పొట్టును ఊక అని రాసిన వారూ లేకపోలేదు! లేత పనసకాయను సన్నగా కొట్టిన తురుమని రాస్తే సరి.

నవ్వులాట కానిది పప్పు. కందిపప్పూ పప్పే, జీడిపప్పూ పప్పే మనకు. వచ్చే పిల్లల్లో ఒకరికి జీడిపప్పు, వేరుశనగ పడవనుకోండి, గొంతు వాచి ఊపిరాడనంత ప్రమాదం. అలాంటప్పుడు పులిహోరలో వేసేది వేరుశనగ గుళ్లా, జీడిపప్పా అన్నది కొటేషనులో ఉండి తీరాలి. పూర్ణంబూరెలో శనగపప్పు, బెల్లం, పై తోపుకు బియ్యం, మినప్పప్పు. ఇవి అనుమానం లేనివిగానే కనిపిస్తాయి. కాని వేయించే నూనె ఏది? అదే బాణలిలో అంతకుముందు ఏం వేగింది? గోధుమ పడనివారికి ఇంగువ కూడా అడగవలసిందే, పొడి ఇంగువలో గోధుమపిండి కలపడం మామూలు. ఆత్రేయపురం పూతరేకులో నెయ్యి, చక్కెరతో పాటు జీడిపప్పు పలుకులు చల్లే రకమూ ఉంది.

ఒకే వంటశాలలో, ఒకే గరిటెలతో వంట సాగుతుంది. కనుక "ఏమీ తగలదు" అని ఇంగ్లీషులో హామీ రాయకూడదు. వంట ఒకేచోట జరుగుతుందని ఉన్నదున్నట్టు రాసి, ఆ బిడ్డకు ఇంట్లోనే వేరే గిన్నెలో అన్నం, పప్పు వండి, ఆ గరిటె మరొకరి చేతికి పోనీయకుండా తల్లి చేతనే వడ్డింపజేయాలి.

సంతకానికి ముందు ఇంకొక పని మిగిలివుంది. రాసిన ఇంగ్లీషు కాగితాన్ని తిరిగి తెలుగులో వంటాయనకు చదివి వినిపించాలి. "నీళ్ల సీసాలు ఆకు ధరలోనే" అని చదవగానే ఆయన తల అడ్డంగా ఊపాడంటే, తప్పు ఎక్కడుందో అప్పుడే దొరికినట్టు. కాఫీ పాలు, గ్యాసు, వడ్డించే మనుషుల బండి ఖర్చు కూడా ఇలాగే ఒక్కొక్కటీ అడిగి, ఎవరిదో ఆ పక్కనే రాసుకోవాలి.