ఒక పేరా, ఒక్క మాట

పరిశోధన గ్రంథంలో ఒక అధ్యాయం చదివాక గైడు మార్జిన్‌లో తరచుగా రాసే వ్యాఖ్య: ‘ఇందులో మీరు చెప్పేదేమిటి?’ సమాచారం తక్కువై ఈ ప్రశ్న రావడం అరుదు. చాలాసార్లు ప్రతి పేరాలోనూ నాలుగైదు సంగతులు పక్కపక్కన ఉంటాయి, వాటిలో ఏది ముఖ్యమో తేల్చుకునే పని పాఠకుడి మీద పడుతుంది. దీన్ని సరిచేయడానికి ప్రతి పేరానూ మూడు భాగాలుగా తిరిగి కట్టుకునే పద్ధతి ఉంది. పేరా నిలబెట్టదలచిన మాటను మొదట చెప్పాలి. ఇది ప్రతిపాదన. తర్వాత దాన్ని నమ్మడానికి ఆధారం చూపాలి. ఆ ఆధారం ఈ ప్రతిపాదనను ఎలా బలపరుస్తుందో చివరికి వివరించాలి. మొదటి రెండూ దాదాపు అందరూ రాస్తారు. మూడోది రాసేవారు తక్కువ.

గోదావరి డెల్టా చరిత్రపై రాసే అధ్యాయంలో ఇలాంటి పేరా ఒకటి ఉందనుకుందాం:

‘1832-33లో గుంటూరు ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టించి 1852లో పూర్తి చేయించాడు. అది ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఉండేది. నిర్మాణంలో వీణెం వీరన్న కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు. ఆనకట్ట వల్ల డెల్టాలో కరువులు పోయాయి. జనం కాటన్‌ను నేటికీ తలచుకుంటారు.’

వాక్యాల్లో తప్పు వెతికితే పెద్దగా దొరకదు. కానీ పేరా దేని గురించి అని అడిగితే కరువు, నిర్మాణం, వీరన్న, ఫలితం, కాటన్‌పై జనాభిమానం అని ఐదు జవాబులు వస్తాయి.

తిరగరాత కొత్త వాక్యాలతో మొదలుకాదు. అధ్యాయం మొత్తాన్ని ముద్రించుకుని, ప్రతి పేరా పక్కన అది చెప్పే మాటను ఒకే వాక్యంలో రాసుకోవడం మొదటి పని. ‘ఫలానా దాని గురించి’ అని రాస్తే సరిపోదు, అది విషయం పేరు మాత్రమే. ‘ఫలానాది ఇలా జరిగింది’ అని పూర్తి వాక్యం రావాలి. ఆ వాక్యంలో ‘అలాగే’, ‘అంతేకాక’ లేకుండా పని జరగకపోతే పేరా పగిలే చోటు అక్కడే ఉందన్నమాట. రెండు పేరాల పక్కన ఒకే వాక్యం వస్తే వాటిని కలిపేయవచ్చు. ఏ వాక్యమూ రాకపోతే ఆ పేరా నోట్సు నుంచి నేరుగా అధ్యాయంలోకి వచ్చిందేమో చూసుకోవాలి.

పై పేరాను ఇలా విడదీస్తే, ‘ఆనకట్ట వల్ల డెల్టాలో కరువులు పోయాయి’ అన్న వాక్యం ఒక్కటే ప్రతిపాదన అయ్యే లక్షణంతో కనిపిస్తుంది. పని 1847లో మొదలైందనడం వాస్తవం. దాన్ని ఎవరూ కాదనరు కాబట్టి దాని చుట్టూ పేరా కట్టనక్కర్లేదు. ‘అది నిజమేనా?’ అని తెలివైన పాఠకుడు అడగడానికి చోటున్న మాటే ప్రతిపాదన. అయితే ఈ రూపంలో అది మరీ పెద్ద మాట. ఏ కరువులు, ఎప్పటి వరకు అన్న హద్దు అందులో లేదు. ‘1876-78 నాటి మహా కరువులో మద్రాసు రాజధానిలోని మెట్ట జిల్లాలు అనుభవించిన విపత్తు నుంచి గోదావరి డెల్టాను ఆనకట్ట కాలువలు కాపాడాయి’ అని కుదిస్తే నిలబెట్టగలిగిన మాట అవుతుంది.

ఇక ఆధారం. పాత పేరాలో ఉన్నది గుంటూరు కరువు. గుంటూరు కృష్ణ పక్కన ఉంది, పైగా ఆ కరువు ఆనకట్టకు ముందుది. గోదావరి ఆనకట్ట ఫలితాన్ని అది రుజువు చేయదు. ఆ సంగతి వాడాలంటే ఆనకట్ట ఆలోచన ఎందుకు పుట్టిందో చెప్పే మరో పేరాకు తరలించాలి. అక్కడ కూడా రాజమండ్రి జిల్లా పరిస్థితిని దానికి జోడించాలి. కుదించిన ప్రతిపాదనకు కావలసింది పోలిక. ఆ కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. గోదావరి డెల్టాకు ఆ గతి పట్టలేదు. పరిశోధకుడు ఇక్కడ ఆ జిల్లాల నివేదికల నుంచి సాగు, ధరలు, మరణాల వివరాలు ఇవ్వాలి. రెండు మూడు చాలు. దొరికినవన్నీ పెడితే పేరా మళ్లీ నోట్సు అవుతుంది.

చాలా పేరాలు ఇక్కడే ఆగిపోతాయి. కడప ఎండింది, కోనసీమ బతికింది, కాబట్టి ఆనకట్టే కారణమని రాసినవారికి అనిపిస్తుంది. సందేహించే పాఠకుడు మాత్రం, ఆ ఏడాది డెల్టాలో వాన బాగా పడిందేమో అంటాడు. లేదా అక్కడ నేల సారవంతమైనది, ఆనకట్ట లేకపోయినా నెగ్గుకొచ్చేవారేమో అంటాడు. ఆధారానికీ ప్రతిపాదనకూ మధ్య ఉన్న ఈ ఖాళీని పూరించేదే వివరణ. బ్రిటిష్ తాత్వికుడు స్టీఫెన్ టూల్మిన్ 1958లో వాదన నిర్మాణాన్ని విశ్లేషిస్తూ, ఆధారం నుంచి నిర్ణయానికి దాటించే ఈ లంకెను విడిగా గుర్తించాడు. మామూలు సంభాషణలో దాన్ని చెప్పకుండా వదిలేస్తాం. రాతలో వదిలేస్తే సందేహం మిగిలిపోతుంది.

ఈ పేరాలో ఆ లంకె నది భూగోళంలో ఉంది. గోదావరి నీరు డెల్టాలో కురిసిన వాన ఒక్కటే కాదు. నాసిక్ దగ్గర పుట్టి దక్కను దాటి వచ్చే నదికి దారిలో ఇంద్రావతి, శబరి లాంటి ఉపనదులు తూర్పు కనుమల అడవుల నీరు తెచ్చి కలుపుతాయి. స్థానికంగా వాన తప్పినా నదిలో నీరుండే అవకాశం అందువల్లే ఉంటుంది. కానీ ఆ నీరు దానంతటది పొలానికి ఎక్కదు. ఆనకట్ట నీటి మట్టాన్ని పెంచి కాలువల్లోకి మళ్లించింది. వాన తప్పిన ఏడాది ఆనకట్ట ఎందుకు పనికొచ్చిందో ఇప్పుడు పాఠకుడికి అర్థమవుతుంది. సారవంతమైన నేల గురించిన సందేహానికి కూడా జవాబివ్వాలి. ఆ నేల ఆనకట్టకు ముందూ అలాంటిదే, అయినా 1821కీ 1841కీ మధ్య రాజమండ్రి జిల్లా జనాభా తగ్గింది. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆ తగ్గుదలకు కరువులతో పాటు జిల్లా రెవెన్యూ పాలనలోని లోపాలూ కారణమని హెన్రీ మాంట్‌గొమరీ 1840లలో నివేదించాడు. అది దాచిపెడితే వాదన బలపడదు. నేల ఒక్కటే కరువును ఆపలేకపోయిందన్నంత వరకే ఆ సంగతిని వాడుకోవాలి.

నకిలీ వివరణను పట్టుకోవడం కష్టం కాదు. ప్రతిపాదననే వేరే మాటల్లో తిప్పి రాస్తే అది వివరణ కాదు. ‘దీన్నిబట్టి ఆనకట్ట ఎంత మేలు చేసిందో తెలుస్తోంది’ అన్న వాక్యం ఆ కోవలోనిదే. పేరా ఉల్లేఖనతో ముగిసినా అనుమానించాలి, చివరి మాట ఇతరులకు అప్పగించినట్టే. వివరణలో కొత్త వాస్తవం వచ్చిపడితే అది ఈ ప్రతిపాదనకు అవసరమైన లంకెనా, మరో పేరాకు బీజమా అని చూసుకోవాలి. నది భూగోళం మొదటి కోవలోకి వస్తుంది. వీరన్న ప్రస్తావన రెండో కోవలోది. ఇంత పెద్ద పనిని ఐదేళ్లలో ముగించడంలో స్థానికుల పాత్ర ఎంత అన్న ప్రతిపాదనతో ఆయన గురించి విడి పేరా కట్టాలి. కాటన్‌పై జనాభిమానం ఈ అధ్యాయంలో అక్కర్లేకపోవచ్చు. ఇష్టపడి సేకరించిన వివరమే తొలగించడానికి కష్టంగా ఉంటుంది, తొలగించాల్సింది కూడా తరచుగా అదే.

పేరాలన్నీ ఇలా కట్టాక వాటి ప్రతిపాదనలను మాత్రమే వరుసగా ఒక కాగితం మీద రాసి చదవాలి. డెల్టా ఎందుకు చితికింది, ఆనకట్టే ఎందుకు పరిష్కారమనిపించింది, దాన్ని ఎవరు ఎలా కట్టారు, మహా కరువులో అది ఏం చేసింది అన్న క్రమం అందులో కనిపించాలి. రెండు వాక్యాల మధ్య దూకినట్టు అనిపిస్తే ఒక పేరా తక్కువైందని గుర్తు. పేరాల వరుస మార్చాలన్నా ఈ కాగితం మీద నిమిషాల్లో తేలుతుంది.

ప్రతి పేరా ఈ అచ్చులో ఒదగదు. నిర్మాణ క్రమాన్ని కథలా చెప్పే పేరాకు కాలక్రమం చాలు. ఒక భాగం నుంచి మరో భాగానికి తీసుకెళ్లే రెండు వాక్యాల పేరాకు ఆధారం అక్కర్లేదు. ప్రతి పేరా మొదటి వాక్యంలోనే ప్రతిపాదన ఉండాలన్న నియమమూ లేదు. విరుద్ధ సాక్ష్యంతో మొదలై మధ్యలో ప్రతిపాదనకు చేరే పేరా కొన్నిసార్లు మరింత నమ్మిస్తుంది. అలాంటి పేరాకైనా మార్జిన్‌లో రాసుకునే వాక్యం మాత్రం ఒక్కటే ఉండాలి.