పగటి జాతకమా, రాత్రి జాతకమా?

మార్చి 20న హోసూరులో ఉదయం 6:15కి ఒక బిడ్డ, 6:40కి మరో బిడ్డ పుట్టారనుకుందాం. ఇద్దరికీ మీన లగ్నమే, రవి కూడా మీనంలోనే. రాశిచక్రం గీస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కానీ మొదటిది రాత్రి జాతకం, రెండోది పగటి జాతకం.

ఆ రోజు హోసూరులో సూర్యోదయం సుమారు 6:23కి. 6:15కి లగ్నం (తూర్పున ఉదయిస్తున్న బిందువు) మీనంలో 2-3 డిగ్రీల మధ్య, రవి 5-6 డిగ్రీల మధ్య ఉంటారు. లగ్నం కంటే రవి డిగ్రీలు ఎక్కువ కాబట్టి ఆయన ఇంకా ఉదయించలేదు. 6:40కి లగ్నం 10 డిగ్రీల దగ్గరకు వస్తుంది, రవి పైకి వచ్చేస్తాడు. గడిలో రవి, లగ్నం కలిసి ఉన్నాయని చూసి పగలని తేల్చేస్తే పొరపాటే.

ఈ తేడాతో ఏం మారుతుంది? ప్రాచీన గ్రీకు జ్యోతిషంలో రవి, గురువు, శని పగటి వర్గం. చంద్రుడు, శుక్రుడు, కుజుడు రాత్రి వర్గం. బుధుడు రవి కంటే ముందు ఉదయిస్తే పగటి వైపు, తర్వాతైతే రాత్రి వైపు. రెండో శతాబ్దపు టాలమీ చెప్పిన కారణం ఇది: శని చల్లనివాడు, పగటి వేడి ఆయన్ని మెత్తబరుస్తుంది. కుజుడు పొడి, వేడి గలవాడు, రాత్రి తేమ ఆయన్ని చల్లార్చుతుంది. అంటే 6:15 బిడ్డకు శని కఠినుడు, కుజుడు కాస్త నెమ్మది, శుక్రుడు ఎక్కువ మేలు చేసేవాడు. 6:40 బిడ్డకు కుజుడే కఠినుడు, మేలు చేయడంలో గురువు ముందుంటాడు.

మన దగ్గర లెక్క వేరు. వరాహమిహిరుడు బృహజ్జాతకంలో రవి, గురు, శుక్రులకు పగలు బలమనీ, చంద్ర, కుజ, శనులకు రాత్రి బలమనీ, బుధుడికి ఎప్పుడూ బలమేననీ చెప్పాడు. శని, శుక్రులు ఇక్కడ వర్గం మారారు. పైగా ఇది బలం లెక్క, మంచి చెడుల తీర్పు కాదు. పగలు పుడితే తండ్రికి రవి, తల్లికి శుక్రుడు. రాత్రి పుడితే తండ్రికి శని, తల్లికి చంద్రుడు కారకులని (సూచించే గ్రహాలని) కూడా ఆయన చెప్పాడు. రెండు పద్ధతులనూ కలిపేసి ఫలం చెబితే అది ఏ శాస్త్రానికీ చెందదు. ఇవి సంప్రదాయం చెప్పే మాటలే తప్ప ప్రయోగాలతో తేలినవి కావన్నది వేరే సంగతి.

సరిహద్దు తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. విజయవాడకు గుణించిన పంచాంగంలో ఆ రోజు సూర్యోదయం హోసూరు కంటే సుమారు 11 నిమిషాలు ముందుంటుంది. దాన్ని నమ్ముకుంటే 6:15 కూడా పగలైపోతుంది. కృష్ణగిరికీ హోసూరుకూ మధ్య తేడా ఒకటిన్నర నిమిషమే, దానితో పెద్ద ఇబ్బంది లేదు. కొండ వెనక సూర్యుడు ఎప్పుడు కనిపించాడన్నది లెక్కలోకి రాదు, క్షితిజమే హద్దు. పుట్టిన వేళ సూర్యోదయానికో అస్తమయానికో పావుగంట అటూ ఇటూ ఉంటే, పుట్టిన ఊరి సూర్యోదయాస్తమయాలు చూపించాకే జాతకం చెప్పమని అడగండి.