కారు ధర తగ్గింది, ఖర్చు తగ్గలేదు

చిన్నా,

నువ్వు పంపిన కారు వివరాలు చూశాను. 2015 మోడల్ డీజిల్ బండి, ఢిల్లీ రిజిస్ట్రేషన్, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. కొత్తగా అరవై లక్షలు పలికిన కారు ఇప్పుడు తొమ్మిది లక్షలకే వస్తోందని నీ సంబరం. నా కంగారంతా ఆ తొమ్మిది లక్షల గురించే. కొంచెం ఓపిగ్గా చదువు.

ముందు, అంత చవగ్గా ఎందుకొస్తోందో చూద్దాం. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తర్వాత అమలులో మార్పులు వచ్చినా, వయసు మీదపడ్డ డీజిల్ కారంటే అక్కడ కొనేవాళ్లు వెనకాడతారు. అందుకే అలాంటి బండ్లు హైదరాబాద్ లాంటి ఊళ్లకు చేరుతున్నాయి. అంటే గిరాకీ లేక ధర పడిపోయింది. కానీ పడిపోయింది కారు ధర ఒక్కటే. దాని విడిభాగాలు మాత్రం ఇప్పటికీ అరవై లక్షల కారు విడిభాగాలే.

ఒక్క భాగం సంగతి వివరంగా చెబుతాను. నువ్వు మెచ్చుకున్న ఆ మెత్తటి ప్రయాణం ఎయిర్ సస్పెన్షన్ (ఇనుప స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులు బండిని మోసే ఏర్పాటు) వల్ల వచ్చింది. ఏళ్ల తరబడి ఎండ, దుమ్ము తగిలి ఆ రబ్బరు మడతల దగ్గర పగులుతుంది. గాలి సన్నగా కారడం మొదలవుతుంది. బండి కిందికి దిగిందని సెన్సర్ చెప్పగానే, కంప్రెసర్ (తిత్తుల్లోకి గాలి కొట్టే చిన్న మోటారు) మళ్లీ గాలి నింపుతుంది. కాసేపు పనిచేసి ఆగడానికి తయారైన మోటారు అది. లీకు ఉంటే దానికి విశ్రాంతి ఉండదు. వేడెక్కి కాలిపోతుంది. లీకు ఎక్కడుందో చూడకుండా మోటారు ఒక్కటే మార్చారనుకో, కొత్తదీ అదే దారి పడుతుంది.

లెక్క వేసి చూడు. ఇవి ఉజ్జాయింపు అంకెలే. ముందు చక్రాల స్ట్రట్లు (తిత్తి, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) జతగా మార్చాలి. ఒక్కోటి లక్ష అనుకుంటే రెండు లక్షలు. కంప్రెసర్, కూలీ కలిపి ఇంకో లక్ష. కారు ధరలో మూడోవంతు ఒక్క రిపేరుకే పోయింది. బయటి గ్యారేజీలో రిపేరు చేసిన పాత స్ట్రట్లు వేయిస్తే తక్కువలో అవుతుంది, కానీ వాటి మన్నిక మీద భరోసా ఉండదు. పైగా అన్ని కిలోమీటర్లు తిరిగిన బండిలో సస్పెన్షన్ ఒక్కటే అరగదు. గేర్‌బాక్సు, టర్బో, బుష్‌లు కూడా దాదాపు అదే కాలంలో రిపేరుకు వస్తాయి. చాలామంది ఓనర్లు పెద్ద ఎస్టిమేట్ చేతికి రాగానే బండి అమ్మకానికి పెట్టేది ఇందుకే.

పన్ను సంగతీ అంతే. ఇక్కడ మన పేరు మీదికి మార్చేటప్పుడు కట్టే లైఫ్ ట్యాక్స్, కారు కొత్తప్పటి ధర, వయసు చూసి వేస్తారు. నువ్వు తొమ్మిది లక్షలకే కొన్నావన్నది వాళ్ల లెక్కలోకి రాదు. ఇన్సూరెన్సు అరుగుదలకు పైసా ఇవ్వదు. ప్రమాదం జరిగినా రబ్బరు, ప్లాస్టిక్ భాగాల ఖర్చులో మామూలు పాలసీ సగమే ఇస్తుంది. ఇంత పాత బండికి ఆ కోత లేని పాలసీ దొరకడం కష్టం.

ఇవన్నీ విన్నాక కూడా మనసు దానిమీదే ఉంటే, ముందు ఇది చెయ్యి. రాత్రంతా నిలిపి ఉంచిన బండిని పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే చూడాలి. ఒక మూల కిందికి కుంగి ఉంటే తిత్తి లీకవుతున్నట్టే. నువ్వు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే, ఇంకో రోజు వస్తానని చెప్పు. కంప్రెసర్ నడిచి బండి అప్పటికే పైకి లేచి ఉంటుంది, లోపం కనపడదు. ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత సర్వీసు రికార్డు అడుగు. రెండేళ్ల కిందటి బిల్లులో ఇప్పటి మీటరు కన్నా ఎక్కువ కిలోమీటర్లు ఉంటే మీటరు వెనక్కి తిప్పారన్నమాట. రికార్డు పూర్తిగా ఉండి, పెద్ద పనులు ఇప్పటికే చేయించిన బండి అయితే అది వేరే సంగతి, అప్పుడు కూర్చుని మాట్లాడదాం.

తొమ్మిది లక్షలూ నీ దగ్గరున్నాయని నాకు తెలుసు. కొన్న మొదటి ఏడాదికి ఇంకో నాలుగు లక్షలు పక్కన పెట్టగలవా? లేకపోతే ఈ బండి వద్దు. ఏదైనా సరే, నాతో మాట్లాడేదాకా టోకెన్ అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు.

నాన్న