కిరాయి కారు: టాంకీ నింపి ఇచ్చుడా, ముందే పైసలు కట్టుడా?

ఇంట్లో పెళ్లి పనులున్నా, మొక్కు తీర్చుకోవాలన్నా ఇప్పుడు మనోళ్లు డ్రైవరు లేని కిరాయి కారు తీసుకొని తామే నడుపుకుపోతున్నారు. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటయి చూడండి, అవే ఈ బండ్లు. రోజు కిరాయి దగ్గర అందరం గట్టిగానే బేరమాడతాం. పెట్రోలు షరతు దగ్గరకొచ్చేసరికి మాత్రం "సరే సరే" అని సంతకం పెట్టేస్తాం. రోజంతా తిరిగి వచ్చేది అయితే ఆ ఒక్క షరతుతోనే ఒక రోజు కూలికి మించి తేడా వస్తుంది.

షరతులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఫుల్ టు ఫుల్: టాంకీ నిండుగా ఇస్తారు, మనం తిరిగి నింపి అప్పజెప్పాలి. అంటే కాల్చినంతకే మన ఖర్చు. రెండోది ప్రీపెయిడ్: టాంకీకి పట్టే పెట్రోలు మొత్తానికి ముందే పైసలు కట్టాలి, బండి ఖాళీగా ఇచ్చినా అడగరు. కానీ టాంకీలో మిగిలిపోయిన దానికి మామూలుగా పైసలు వాపసు రావు. అమెరికా, యూరప్ విమానాశ్రయాల్లో కిరాయి కారు కౌంటర్ల దగ్గర ఈ రెండో పద్ధతి కూడా కనబడుతుంది. మన దగ్గర ఎక్కువగా "ఎంత ఉంటే అంత" అంటారు, అంటే ముల్లు ఎక్కడుంటే అక్కడికే తెచ్చి ఇవ్వాలి. "పెట్రోలు మాదే, ముందే కట్టండి" అనేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. షోలాపూర్ నుంచి ఏడుగురు ఒక ఎర్టిగాలో పొద్దున తుల్జాపూర్ అమ్మవారి దర్శనానికి పోయి, మళ్లీ ఊళ్లోకి వచ్చి, మధ్యాహ్నం అక్కల్‌కోట పోయి వచ్చారనుకుందాం. తుల్జాపూర్ ఒక వైపు సుమారు 45 కిలోమీటర్లు, అక్కల్‌కోట సుమారు 40. రానూపోనూ 170, ఊళ్లో తిరుగుడు ఇంకో 10, మొత్తం 180 కిలోమీటర్లు. ఏడుగురు మనుషులు, ఏసీ కూడా నడుస్తుంది కాబట్టి కంపెనీ చెప్పిన మైలేజీ రాదు. లీటరుకు 15 కిలోమీటర్లు అనుకుంటే 12 లీటర్లు కాలుతుంది. ఎర్టిగా టాంకీ 45 లీటర్లది. పెట్రోలు లీటరు 105 రూపాయలు అని పెట్టుకుందాం, మీ ఊరి ధర వేరే ఉంటే ఆ అంకె వేసుకోండి.

ఫుల్ టు ఫుల్ అయితే వచ్చేటప్పుడు 12 లీటర్లు పోయిస్తాం. 12ను 105తో గుణిస్తే 1,260 రూపాయలు. అంతే ఖర్చు.

ప్రీపెయిడ్ అయితే బండి ఆయన "బంకులో 105, మీకు 95కే ఇస్తా" అంటాడనుకుందాం. వినడానికి లీటరుకు పది రూపాయలు లాభమే. కానీ కట్టాల్సింది 45 లీటర్లకు, అంటే 4,275 రూపాయలు. మనం కాల్చింది 12 లీటర్లే. మిగతా 33 లీటర్లు ఆయన టాంకీలోనే మిగిలిపోతయి. కాల్చిన 12 లీటర్లకు 4,275 పంచి చూస్తే లీటరు 356 రూపాయలు పడ్డట్టు. తక్కువ ధర అని చూపించి అమ్మింది మూడు రెట్లకు పైనే అయింది.

మరి ప్రీపెయిడ్ ఎప్పుడు గిట్టుబాటు? ఆ 4,275 రూపాయలతో బంకులో 105 లెక్కన దాదాపు 41 లీటర్లు వస్తయి. అంటే 41 లీటర్లకు మించి కాలిస్తేనే, అంటే 600 కిలోమీటర్లు దాటి నడిపితేనే మనకు లాభం. అప్పుడు కూడా టాంకీ ఎండేదాకా నడపాలి, దారిలో బండి ఆగిపోతుందన్న భయం ఉండనే ఉంటుంది. ఊరి చుట్టుపక్కల తిరిగే బండికి ఇది కుదరదు. దూర ప్రయాణం చేసి, తెల్లవారుజామున విమానమో రైలో అందుకోవాలి, బంకు వెతికే టైము లేదు అన్నవాళ్లకే ఇది పనికొచ్చేది.

"ఫుల్ టు ఫుల్ ఒప్పుకొని నింపడం మరిచిపోతే?" అని కొందరు భయపడి ప్రీపెయిడ్ తీసుకుంటారు. అదీ లెక్క వేసి చూద్దాం. నింపకుండా ఇస్తే బండివాళ్లు తమ ధర వేసి, పైన నింపిన కూలి కలిపి డిపాజిట్‌లోంచి కోస్తారు. లీటరుకు 150, కూలి 300 వేశారనుకుందాం. 12 లీటర్లకు 1,800, మొత్తం 2,100 రూపాయలు. బంకు ఖర్చు కంటే 840 ఎక్కువ పోయింది, నిజమే. అయినా ప్రీపెయిడ్‌లో కట్టే 4,275లో ఇది సగమే. చిన్న ప్రయాణానికి మరుపు కూడా ప్రీపెయిడ్ కంటే చవకే అన్నమాట.

ఫుల్ టు ఫుల్‌లో గొడవ వచ్చేది ఒక్క చోటే: "నిండుగా ఉంది" అంటే ఏమిటి? ముల్లు ఎఫ్ మీద ఉంటే నిండుగా ఉన్నట్టు కాదు. చాలా బండ్లలో కొన్ని లీటర్లు కాలిన తర్వాత కూడా ముల్లు అక్కడే నిలబడుతుంది. బండి ఏటవాలు మీద నిలిపితే ముల్లు అటూ ఇటూ అవుతుంది కూడా. గీతలు చూపించే మీటరయితే, ఎనిమిది గీతలున్న చోట ఒక్కో గీత అయిదు లీటర్లకు మించి ఉంటుంది. అందుకే "ఎంత ఉంటే అంత" షరతులో అందాజు మీద పోయిస్తే ఎక్కువ పోసి ఆయనకు దానం చేస్తాం, లేదా తక్కువ పోసి మాట పడతాం.

నమ్మదగ్గ కొలత బంకు పైపే. టాంకీ నిండగానే అది టక్‌మని తనంతట ఆగుతుంది. అందుకని బండి తీసుకున్న వెంటనే దగ్గరి బంకుకు పోండి, కుదిరితే వాళ్ల మనిషిని వెంట తీసుకుపోండి. పైపు ఆగేదాకా పోయించండి. అర లీటరు, లీటరు పడితే టాంకీ నిజంగానే నిండుగా ఉన్నట్టు. నాలుగు లీటర్లు పడితే 420 రూపాయల పెట్రోలు తక్కువతో బండి ఇచ్చినట్టు. ఆ బిల్లు అక్కడే చూపించి కిరాయిలో కోయించుకోండి, సాయంత్రందాకా ఆగితే ఎవరూ ఒప్పుకోరు.

తిరిగి వచ్చేటప్పుడు వీలైతే అదే బంకులో నింపండి. మిషన్ మీద సున్నా చూసి మొదలుపెట్టించండి, పైపు ఒకసారి ఆగగానే చాలనండి. ఆ తర్వాత "గుండు అంకె చేస్తా" అని ఇంకా పోస్తే ఆ పైసలు మనవే పోతయి, టాంకీకీ మంచిది కాదు. లీటర్లు, టైము ఉన్న బిల్లు తీసుకోండి. మీటరులో కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు రెండూ కనబడేటట్టు తాళం తిప్పి ఒక ఫోటో తీయండి. తర్వాత మీరే సరిచూసుకోండి: 180 కిలోమీటర్లు నడిస్తే 12, 13 లీటర్లు పట్టాలి. 20 పట్టిందంటే మొదట టాంకీ నిండుగా లేదు, లేదా బండి ఎక్కువ తాగుతుంది.

సంతకం పెట్టే ముందు అడగాల్సినవి రెండే. మిగిలిన పెట్రోలుకు పైసలు వాపసు ఇస్తారా? నింపకుండా తెస్తే లీటరుకు ఎంత, కూలి ఎంత? ఈ రెండు జవాబులూ కాగితం మీదనో ఫోను మెసేజిలోనో రాయించుకోండి. "చూద్దాం లే అన్నా" అన్నాడంటే పక్క దుకాణం చూసుకోండి.